పన్నెండో బెడ్ ఊపిరి లెక్క

రాత్రి 8 గంటలకు డ్యూటీ మారుతున్నప్పుడు పన్నెండో బెడ్ గురించి పగటి సిస్టర్ చెప్పినవి రెండే ముక్కలు. "తుంటి ఆపరేషన్, మూడో రోజు. కామ్‌గా పడుకుంది, ఏ గొడవా లేదు." కేస్ షీట్‌లో సాయంత్రం రాసిన అంకెలు కూడా ఆ మాటకు తగ్గట్టే ఉన్నాయి. బీపీ 130/80, నాడి 84, జ్వరం లేదు, ఆక్సిజన్ 96 శాతం, ఊపిరి నిమిషానికి 20. గోదావరి జిల్లాల్లో ఒక పట్టణం, అందులో ముప్పై పడకల ఎముకల వార్డు. రాత్రికి ఒక్క సిస్టర్, ఒక ఆయా. తొమ్మిదో బెడ్ కుర్రాడు కాలు నొప్పని కేకలు పెడుతున్నాడు. ఇరవై రెండో బెడ్‌లో సెలైన్ ఆగిపోయింది. లారీ గుద్దిన మనిషిని అప్పుడే స్ట్రెచర్ మీద తెచ్చారు. రాత్రి వార్డులో ఎవరైనా ముందు కేక వినిపించిన వైపే పరుగెడతారు. కేక వెయ్యని మనిషి వంతు ఆఖరున వస్తుంది.

ఈ సిస్టరూ, ఈ పేషెంటూ ఫలానా మనుషులని ఎవరినీ చూపించలేను. ఇలాంటి వార్డుల్లో మళ్లీ మళ్లీ జరిగేదాన్ని ఒక రాత్రిలోకి కూర్చి చెబుతున్నాను. ఇందులోని అంకెలు, మందులు, వాటి వెనకున్న లెక్క మాత్రం వైద్యంలో నిజంగా ఉన్నవే.

పన్నెండో బెడ్ మామ్మగారికి 68 ఏళ్లు, బరువు అరవై కిలోలు. షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. బాత్‌రూమ్‌లో జారిపడితే తుంటి విరిగింది. ఆపరేషన్ రోజు వేసిన మూత్రం గొట్టం ఇంకా తియ్యలేదు. నొప్పికి ఎనిమిది గంటలకోసారి పారాసిటమాల్ ఒక గ్రాము నరానికి ఎక్కుతోంది. సాయంత్రం ఆరింటికి ట్రమడాల్ ఇంజెక్షన్ కూడా ఇచ్చారు. బీపీకి ఇంటి దగ్గర వాడే అటెనొలాల్ ఇక్కడా ఇస్తున్నారు.

పది గంటలకు మందులిచ్చేటప్పుడు కూతురు ఒక మాట అంది.

"అమ్మ పొద్దుటి నుంచీ సరిగ్గా మాట్లాడట్లేదు సిస్టర్. రాత్రి రెండు ముద్దలు కూడా తినలేదు. మత్తు మందు వల్లేనంటారా?"

అప్పటికి సిస్టర్ "అయ్యుండొచ్చమ్మా, మళ్లీ వచ్చి చూస్తాను" అని వెళ్లింది. లారీ కేసు సర్దుబాటయ్యేసరికి ఒంటిగంట దాటింది. 1:30కి తిరిగొచ్చి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. నాడి చూస్తున్నట్టు మామ్మగారి మణికట్టు పట్టుకుని, కళ్లు మాత్రం దుప్పటి మీద పెట్టి ఒక నిమిషం నిండా లెక్కపెట్టింది. ఇరవై ఆరు.

నాడి పట్టుకున్నట్టు కూర్చోవడానికి కారణం ఉంది. ఊపిరి లెక్కపెడుతున్నారని తెలిస్తే ఎవరి ఊపిరైనా మారిపోతుంది. నిమిషం నిండా లెక్కపెట్టడానికీ కారణం ఉంది. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే, ఒక్క ఊపిరి అటూ ఇటూ అయినా జవాబులో నాలుగు తేడా వచ్చేస్తుంది. ఇంత తేలికైన పని చాలాచోట్ల జరగదు. బీపీకి మిషన్ ఉంది, ఆక్సిజన్‌కీ నాడికీ వేలికి పెట్టే క్లిప్పు ఉంది, జ్వరానికి థర్మామీటర్ ఉంది. మామూలు వార్డులో ఊపిరి లెక్కకు మనిషి కన్ను, గడియారం తప్ప వేరే సాధనం లేదు. అందుకే పనిఒత్తిడిలో ఆ గడి అంచనాతో నిండిపోతుంది. ఎవరి చార్ట్ చూసినా 18, లేకపోతే 20. ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కాదు. అమెరికా ఆసుపత్రుల రికార్డులు తిరగేసి 2017లో ఒక పరిశోధక బృందం అచ్చువేసిన వ్యాసం, అందరూ నిజంగా నిమిషానికి 20 సార్లే ఊపిరి తీస్తున్నారా అని శీర్షికలోనే అడిగింది. అక్కడి అంకెలు కూడా 18, 20 దగ్గరే కుప్పపడి ఉన్నాయి.

సిస్టర్ అక్కడితో ఆగలేదు. మామ్మగారి భుజం తట్టి పలకరించింది.

"మామ్మగారూ, ఎక్కడున్నారో చెప్పండి?"

మామ్మగారు కళ్లు సగం తెరిచి అంది. "గేదెకి కుడితి పెట్టారా? చీకటి పడిపోతంది."

"గేదెను అమ్మేసి మూడేళ్లయింది సిస్టర్," అంది కూతురు కంగారుగా.

మాట తడబడుతున్న షుగర్ పేషెంట్ విషయంలో ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. వేలికి సూది గుచ్చి షుగర్ చూడాలి. పడిపోయిన షుగర్ కూడా మనిషిని ఇలాగే అయోమయంలో పడేస్తుంది, అదైతే నిమిషాల్లో సరిచెయ్యాలి. మీటర్ 248 చూపించింది. రాత్రి ఏమీ తినని మనిషికి 248 ఉండటం మరో సంగతి చెబుతోంది. ఒంట్లో ఇన్ఫెక్షన్ మొదలైనప్పుడు విడుదలయ్యే ఒత్తిడి హార్మోన్లు తిండితో పని లేకుండా షుగర్‌ను పైకి నెడతాయి.

మిగతా లెక్కలు: నాడి 96, బీపీ 108/64, ఆక్సిజన్ 94 శాతం, జ్వరం 99.1 ఫారన్‌హీట్, సెల్సియస్‌లో 37.3. మూత్రం సంచి 8 గంటలకు ఖాళీ చేశారు, ఇప్పుడు అందులో 120 మి.లీ. ఉంది. గంటకు కిలో బరువుకు అర మి.లీ. రావాలన్నది లెక్క. అంటే అరవై కిలోల మనిషికి ఐదున్నర గంటల్లో కనీసం 165 రావాలి. అరచేతులు చల్లగా ఉన్నాయి. వేలి కొసను ఐదు సెకన్లు నొక్కి వదిలితే తెల్లబడిన చోటుకు రంగు తిరిగి రావడానికి నాలుగు సెకన్లకు పైనే పట్టింది. మూడు సెకన్లు దాటితే చర్మానికి రక్తం సరిగా అందడం లేదని అనుమానించాలి.

ఈ అంకెల్లో ఏ ఒక్కదాన్ని విడిగా చూసినా ఎవరూ బెదరరు. 99.1 జ్వరం లెక్కలోకి రాదు. 96 నాడి నొప్పి వల్ల కావచ్చు. 108 బీపీ చాలామందికి రోజూ ఉండేదే. కానీ ఈ మూడింటి మీదా మందుల ముసుగు ఉంది. ఎనిమిది గంటలకోసారి ఎక్కే పారాసిటమాల్ జ్వరాన్ని పైకి రానివ్వదు. పైగా పెద్దవయసులో ఇన్ఫెక్షన్ తీవ్రంగా ఉన్నా జ్వరం రాకపోవచ్చు, కొందరికి ఒళ్లు మామూలు కంటే చల్లబడుతుంది. అటెనొలాల్ గుండె వేగానికి కళ్లెం వేసే మందు. అది లేకపోతే ఈ రాత్రి నాడి 96 దగ్గర ఆగేది కాదు. ఇక బీపీ సంగతి. మామ్మగారు ఆసుపత్రిలో చేరిన రోజు 150/90. ఆవిడ దృష్టిలో 108 అంటే నలభై రెండు పాయింట్లు పడిపోవడం. అంకె మామూలుదే కానీ ఆ మనిషికి అది మామూలు కాదు.

ట్రమడాల్ మత్తేమో అన్న కూతురి అనుమానానికి కూడా ఊపిరి లెక్కే జవాబిచ్చింది. ఆ జాతి నొప్పి మందుల మత్తు ఎక్కువైతే ఊపిరి నెమ్మదిస్తుంది. నిమిషానికి పది, ఎనిమిది అలా పడిపోతుంది. మగతగా ఉన్న మనిషి వేగంగా ఊపిరి తీస్తుంటే దాన్ని మందు ఖాతాలో వెయ్యకూడదు.

ఇంగ్లండ్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో ఒక మార్కుల పట్టిక తయారుచేసి, 2017లో దాన్ని సవరించింది. పేరు న్యూస్ 2. ఊపిరి, ఆక్సిజన్, బీపీ, నాడి, స్పృహ, ఉష్ణోగ్రతలకు ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేస్తారు. ఆక్సిజన్ పెట్టి ఉంటే ఇంకో రెండు కలుపుతారు. మన దగ్గర కూడా కొన్ని ఆసుపత్రులు దీన్ని వాడుతున్నాయి. మొత్తం ఐదు వస్తే డాక్టర్ వెంటనే చూడాలి, ఏడు గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే అత్యవసరం. సాయంత్రం చార్ట్‌లోని అంకెలకు ఈ పట్టిక ప్రకారం వచ్చేది సున్నా. ఒంటిగంటన్నర లెక్కలకు ఎంతొస్తుందో చూద్దాం. ఆక్సిజన్ 94కి ఒకటి, బీపీ 108కి ఒకటి, నాడి 96కి ఒకటి, ఉష్ణోగ్రతకు సున్నా. మిషన్లు చెప్పినదంతా కలిపితే మూడే. ఊపిరి 26కి మూడు, కొత్తగా వచ్చిన అయోమయానికి మూడు. మొత్తం తొమ్మిది.

తొమ్మిదిలో ఆరు మార్కులు ఏ మిషనూ చూపించనివి. ఒకటి కూర్చుని లెక్కపెడితే తెలిసింది, ఇంకొకటి పలకరిస్తే తెలిసింది. ఈ రెండూ చెయ్యకపోయి ఉంటే మామ్మగారి మార్కులు మూడు. మూడు మార్కుల పేషెంట్‌ను తెల్లారే దాకా ఎవరూ కదిలించరు. సెప్సిస్‌ను తొలిదశలో పట్టుకోవడం ఎందుకు కష్టమంటే, నాకు తెలిసినంతలో సగం జవాబు ఇదే. గుర్తులు లేకపోవడం కాదు, ఉన్న గుర్తులు మిషన్లకు అందని చోట ఉండటం.

ఇన్ఫెక్షన్ మూత్రంలోనో, ఊపిరితిత్తుల్లోనో ఒకచోట ఉన్నంతవరకు శరీరం దానితో అక్కడే పోరాడుతుంది. సెప్సిస్‌లో ఆ పోరాటం అదుపు తప్పుతుంది. రక్షణ వ్యవస్థ విడుదల చేసే రసాయనాలు ఒంట్లోని చిన్న రక్తనాళాలన్నిటినీ వదులు చేస్తాయి, వాటి గోడలకు చిల్లులు పడ్డట్టు అవుతుంది. రక్తంలోని నీరు బయటి కండలోకి ఊరిపోతుంది. పంటకాలువ గట్టుకు అడుగడుగునా గండ్లు పడితే తూము దగ్గర ఎంత నీరు వదిలినా చివరి చేలకు చేరనట్టు, గుండె ఎంత కొట్టుకున్నా మూత్రపిండాలకు, మెదడుకు, చర్మానికి చాలినంత రక్తం అందదు. క్రిమి కంటే శరీరపు ఈ స్పందనే అవయవాలను ఎక్కువ దెబ్బతీస్తుంది. అందుకే 2016లో అంతర్జాతీయ నిపుణులు సెప్సిస్ నిర్వచనాన్ని మార్చి రాసినప్పుడు జ్వరాన్ని పక్కనపెట్టి, అవయవాలు దెబ్బతినడాన్ని మధ్యలోకి తెచ్చారు. 'రక్తంలోకి ఇన్ఫెక్షన్ పాకింది' అని ఇళ్లలో అనుకుంటాం. నిజానికి చాలా సెప్సిస్ కేసుల్లో రక్తం కల్చర్‌కు పంపితే ఏ క్రిమీ పెరగదు.

ఊపిరే ముందు ఎందుకు మారుతుందన్నదీ ఇక్కడే అర్థమవుతుంది. కణాలు ఇబ్బందిలో పడ్డప్పుడు లాక్టేట్ అనే పదార్థం పోగవుతుంది, రక్తం ఆమ్లగుణం వైపు జరుగుతుంది. రక్తంలో ఆమ్లం పెరిగితే మెదడు కాండంలోని ఊపిరి కేంద్రం వెంటనే గుర్తుపట్టి వేగం పెంచుతుంది. బొగ్గుపులుసు వాయువును ఎక్కువగా బయటికి పంపితే ఆ ఆమ్లం కొంత తగ్గుతుంది కాబట్టి. రక్షణ రసాయనాలు కూడా ఆ కేంద్రాన్ని నేరుగా ప్రేరేపిస్తాయి. బీపీ అలా కాదు. నాళాలు బిగుసుకుని, గుండె వేగం పెంచి, శరీరం దాన్ని చాలాసేపు నిలబెడుతుంది. బీపీ పడిపోయిందంటే ఆ ఉపాయాలన్నీ అయిపోయాయని అర్థం. బీపీ కోసం కాచుకుని కూర్చునే వార్డు గంటల కొద్దీ ఆలస్యంగా మేలుకుంటుంది.

మామ్మగారి మౌనం గురించి ఇంకో మాట చెప్పాలి. ఒంట్లో బాగాలేక మతి తప్పిన పెద్దవాళ్లు రెండు రకాలుగా ఉంటారు. కొందరు లేచి గొట్టాలు పీకేసుకుంటారు, తిడతారు. వాళ్లను ఎవరూ మర్చిపోలేరు. ఇంకొందరు ముడుచుకుని పడుకుంటారు. పిలిస్తే పలుకుతారు గాని మాట నిలవదు, తిండి మానేస్తారు. ఈ రెండో రకాన్నే వార్డులు 'కామ్‌గా ఉంది' అని రాసుకుంటాయి.

1:45కి సిస్టర్ డ్యూటీ డాక్టర్‌కు ఫోన్ చేసింది. రాత్రి ఫోన్‌లో ఏం చెప్పారన్న దాని మీద చాలా ఆధారపడి ఉంటుంది. "సర్, పన్నెండో బెడ్‌కి కొంచెం బాగోలేదు" అంటే, అటు నుంచి "వైటల్స్ ఎలా ఉన్నాయి? బీపీ బానే ఉందిగా, పొద్దున చూద్దాం" అనే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. ఆ డాక్టర్ అప్పుడు క్యాజువాలిటీలో ఇంకో కేసు మధ్యలో ఉంటాడు. సిస్టర్ చెప్పిన తీరు వేరు.

"సర్, ఎముకల వార్డు పన్నెండో బెడ్. తుంటి ఆపరేషన్ మూడో రోజు, షుగర్ పేషెంట్, యూరిన్ గొట్టం మూడు రోజుల నుంచీ ఉంది. ఇప్పుడు ఊపిరి నిమిషం నిండా లెక్కపెట్టాను, 26. కొత్తగా మాట తేడాగా ఉంది, ఎక్కడుందో చెప్పలేకపోతోంది. షుగర్ 248. బీపీ 108/64, చేరిన రోజు 150. పారాసిటమాల్, అటెనొలాల్ మీద ఉంది సర్, జ్వరం, నాడి నమ్మలేం. యూరిన్ ఐదున్నర గంటల్లో 120. న్యూస్ స్కోర్ 9. నాకు సెప్సిస్ అనుమానంగా ఉంది. మీరిప్పుడు వచ్చి చూడాలి. ఈలోగా కల్చర్ సీసాలు సిద్ధం చెయ్యనా?"

ఎవరు, ఏ నేపథ్యం, ఏం గమనించాను, మీ నుంచి ఏం కావాలి. ఈ వరుసను ఇప్పుడు నర్సింగ్ విద్యలో నేర్పుతున్నారు. అందులో చివరి ముక్క చాలామంది సిస్టర్లకు నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. డాక్టర్‌కు జబ్బు పేరు మనం చెప్పడమేంటన్న జంకు మన ఆసుపత్రుల్లో బలంగా ఉంది. అనుమానం చెప్పడం రోగనిర్ధారణ చెయ్యడం కాదు. ఇక్కడ జబ్బు ఇంకోటి కూడా అయ్యే వీలుంది. తుంటి ఆపరేషన్ తర్వాత కాలి నరంలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి చేరితే ఊపిరి ఇలాగే పెరుగుతుంది. కట్టు కింద రక్తం పోతున్నా బీపీ ఇలాగే జారుతుంది. వాటిలో ఏదైనా డాక్టర్ అప్పుడే రావాలి, తెల్లారాక కాదు. 26 ఊపిరికి ప్రమాదం లేని కారణం ఉందని తేలితే నష్టం ఒక అర్ధరాత్రి నడక మాత్రమే.

డాక్టర్ రెండింటికి వచ్చాడు. అప్పటికి బీపీ 96/54. కట్టు విప్పి చూశాడు, పిక్కలు నొక్కి చూశాడు, ఊపిరితిత్తులు విన్నాడు. సంచిలో మూత్రం చిక్కగా, మడ్డిగా ఉంది. సిస్టర్ ఈలోగా మామ్మగారి రెండో చేతికి పెద్ద సూది పెట్టింది.

తర్వాతి గంటలో జరిగే పనులకు ఒక వరుస ఉంది. ఆ వరుస తప్పితే ఏమవుతుందో కూడా తెలియాలి. ముందు రెండు వేర్వేరు చోట్ల నుంచి రక్తం తీసి కల్చర్ సీసాల్లో వేస్తారు, ఒక్కో సీసాకు ఎనిమిది నుంచి పది మి.లీ. రక్తం తక్కువైతే క్రిమి దొరికే అవకాశం తగ్గిపోతుంది. యాంటీబయాటిక్ పడ్డాక రక్తం తీస్తే క్రిమి పెరగకపోవచ్చు. అప్పుడు ఏ మందు పనిచేస్తుందో చెప్పేవాళ్లు ఉండరు. కానీ కల్చర్ తియ్యడం ఆలస్యమయ్యేట్టు ఉంటే దానికోసం మందు ఆపకూడదు. మూత్రం నమూనా సంచిలోంచి తీస్తే పనికిరాదు, అందులో గంటల తరబడి నిల్వ ఉన్న క్రిములు ఉంటాయి. పాత గొట్టం తీసి కొత్తది వేసి దాన్నుంచి తియ్యాలి. రక్తంలో లాక్టేట్ చూశారు, 3.4 వచ్చింది. రెండు దాటితే కణాలు కష్టంలో ఉన్నాయని అర్థం.

2:30కి యాంటీబయాటిక్ ఎక్కడం మొదలైంది. ఏది ఇవ్వాలన్నది ఆ ఆసుపత్రిలో ఏ క్రిములు ఏ మందుకు లొంగుతున్నాయన్న దాని మీద ఉంటుంది. మన దేశంలో మూత్రపు ఇన్ఫెక్షన్ తెచ్చే క్రిముల్లో చాలావాటికి సెఫ్ట్రయాక్సోన్ లాంటి రోజూ వాడే మందులు పనిచెయ్యడం లేదు. అందుకే డాక్టర్ మెరోపెనెమ్ ఒక గ్రాము రాశాడు. కల్చర్ జవాబు వచ్చాక చిన్న మందుకు దిగాలన్న షరతుతోనే ఇలాంటి పెద్ద మందు మొదలుపెట్టాలి. ఆ దిగడం మన దగ్గర చాలాసార్లు జరగదు. దాని మూల్యం రేపటి పేషెంట్లు చెల్లిస్తున్నారు.

గంటల లెక్క ఎందుకన్న ప్రశ్నకు 2006లో వచ్చిన ఒక పరిశోధనను తరచూ చెబుతారు. బీపీ పడిపోయిన సెప్సిస్ రోగుల్లో, తొలి ఆరు గంటల్లో సరైన యాంటీబయాటిక్ ఆలస్యమైన ప్రతి గంటకూ బతికే అవకాశం సగటున 7.6 శాతం చొప్పున తగ్గిందని అందులో తేలింది. తర్వాతి పరిశోధనల్లో ఆ తేడా అంత పెద్దగా కనిపించలేదు. బీపీ నిలబడి ఉన్నవాళ్లకు ఇంకా తక్కువ. అందుకే 2021 అంతర్జాతీయ మార్గదర్శకాలు షాక్ ఉన్నవాళ్లకు గంటలోపు మందు పడాలనీ, షాక్ లేకుండా అనుమానం మాత్రమే ఉంటే మూడు గంటల్లోపు పరీక్షలు చేసి తేల్చుకోవచ్చనీ చెబుతున్నాయి. తుమ్మినా దగ్గినా పెద్ద యాంటీబయాటిక్ ఎక్కించడానికి సెప్సిస్ పేరు వాడుకోకూడదనే ఈ తేడా.

సెలైన్ సంగతి ఇంకా సున్నితమైనది. కిలోకు 30 మి.లీ. చొప్పున తొలి మూడు గంటల్లో ఇవ్వాలని మార్గదర్శకాలు సూచిస్తాయి. మామ్మగారికది 1800 మి.లీ. ఒకేసారి పోస్తే 68 ఏళ్ల గుండె తట్టుకోకపోవచ్చు, ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. అందుకే రింగర్ లాక్టేట్ ఐదువందల చొప్పున పెట్టి, ప్రతి సీసా తర్వాత ఊపిరి, ఊపిరితిత్తుల చప్పుడు, వేలి కొస రంగు, మూత్రం మళ్లీ మళ్లీ చూశారు. మూడు గంటలకు ఐసీయూకి మార్చారు. నాలుగింటికి మూడు సీసాలయ్యాక కూడా బీపీ 94/50 దగ్గరే ఉంది. నీటితో నిండని నాళాలను బిగించడానికి నార్ అడ్రినలిన్ చిన్న మోతాదులో మొదలుపెట్టారు. తెల్లారేసరికి మూత్రం గంటకు నలభైకి వచ్చింది. మర్నాటి సాయంత్రానికి నార్ అడ్రినలిన్ ఆపేశారు. రెండు రోజులకు రక్తంలోనూ మూత్రంలోనూ ఒకే క్రిమి పెరిగింది, ఈ కోలై.

అన్ని కథలూ ఇలా నడవవు. ఇంత త్వరగా పట్టుకున్నా కొందరు దక్కరు. దక్కినవాళ్లలో చాలామందికి నెలల తరబడి నీరసం, మతిమరుపు, నడకలో తూలు మిగిలిపోతాయి. తుంటి ఆపరేషన్ చేయించుకున్న మనిషికి అది మళ్లీ జారిపడే ప్రమాదం కూడా. ఇంటికి పంపేటప్పుడు ఈ మాట చెప్పేవాళ్లు తక్కువ. ఇంట్లోవాళ్లేమో బద్ధకమని విసుక్కుంటారు.

ఆ రాత్రి అందరికంటే ముందు అనుమానించింది సిస్టర్ కాదు, కూతురు. "సరిగ్గా మాట్లాడట్లేదు" అని పదింటికే చెప్పింది. 68 ఏళ్లుగా ఆ మనిషి మాట ఎలా ఉంటుందో ఏ చార్ట్‌లోనూ రాసి ఉండదు, ఇంటివాళ్లకే తెలుసు. లండన్‌లో మార్తా మిల్స్ అనే పదమూడేళ్ల అమ్మాయి 2021లో సెప్సిస్‌తో చనిపోయింది. తల్లిదండ్రులు తమ భయాన్ని ఆసుపత్రివాళ్లకు చెబుతూనే ఉన్నారు. ముందే ఐసీయూకి మార్చి ఉంటే బహుశా బతికేదని విచారణాధికారి తేల్చారు. ఆ తల్లిదండ్రుల పోరాటం వల్ల 2024 నుంచి ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో 'మార్తాస్ రూల్' మొదలైంది. తమ మనిషి పరిస్థితి దిగజారుతోందని అనిపిస్తే కుటుంబ సభ్యులు వార్డు డాక్టర్లను దాటి, పగలైనా రాత్రైనా ఇంకో వైద్య బృందాన్ని నేరుగా పిలిపించుకోవచ్చు. మన దగ్గర అలాంటి హక్కు లేదు గానీ, అటెండెంట్ అనే మనిషి ప్రతి మంచం పక్కనా ఉంటాడు. ఆ మనిషి చెప్పాల్సిన తీరు ఒకటుంది. 'అమ్మకు బాగోలేదు' అనకుండా, 'నిన్న నాతో మాట్లాడింది, ఇవాళ నన్ను గుర్తుపట్టట్లేదు', 'పొద్దుటి నుంచి ఊపిరి వేగంగా తీస్తోంది, నేను లెక్కపెట్టాను, ఇంత ఉంది', 'సంచిలో మూత్రం పెరగట్లేదు' అని చెప్పాలి. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చెబితే సిస్టర్‌కు అది పనికొచ్చే సమాచారం అవుతుంది.

ముప్పై పడకలకు ఒక్క సిస్టర్ ఉన్నచోట అందరి ఊపిరీ నిమిషం నిండా లెక్కపెట్టాలంటే అరగంట పైనే కావాలి. రాత్రికి రెండు మూడుసార్లంటే కుదిరే పని కాదు. ఆ లోటుకు సిబ్బందిని పెంచడం తప్ప ఇంకో మందు లేదు. అందాకా ఎవరి ఊపిరి తప్పకుండా లెక్కపెట్టాలో ఎంచుకోవచ్చు. మూత్రం గొట్టమో, మెడలో లైనో ఉన్నవాళ్లు, ఆపరేషన్ అయిన వారంలో ఉన్నవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు, అరవై ఐదు దాటినవాళ్లు, కాన్పయిన తల్లులు, క్యాన్సర్ మందుల మీద ఉన్నవాళ్లు. వాళ్లలోనూ ఆ పూట తిండి మానేసినవాళ్లు ముందు.

పన్నెండో బెడ్ విషయంలో ఆ రాత్రి కంటే ముందే వేసుకోవాల్సిన ప్రశ్న మాత్రం ఇంకొకటి ఉంది. మూడో రోజు దాకా ఆ గొట్టం ఎందుకుంది? ఇలాంటి ఆపరేషన్ తర్వాత సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తీసెయ్యొచ్చు. గొట్టం ఉన్న ప్రతి రోజూ మూత్రంలోకి క్రిమి చేరే అవకాశం పెరుగుతూ పోతుంది. తుంటి నొప్పితో లేవలేని మనిషికి బెడ్‌పాన్ పెట్టడం కంటే గొట్టం ఉంచేయడం వార్డుకు తేలిక, అందుకే అది మరుగున పడుతుంది. ఆ వార్డులో ఇప్పుడు గొట్టం వేసిన తేదీని ప్లాస్టర్ మీద రాసి సంచికి అంటిస్తున్నారు. రోజూ ఉదయం రౌండ్స్‌లో సిస్టర్ ఆ తేదీలు చదువుతుంది. ఏ గొట్టం ఇవాళ తీసెయ్యాలో, ఏది ఎందుకు ఉంచాలో డాక్టర్ కేస్ షీట్‌లో రాసి సంతకం పెట్టాలి.